స్టేకింగ్ టోకెన్‌ను తాకట్టు పెట్టి తిప్పితే

ప్రశ్న: నా దగ్గర 10 stETH ఉన్నాయి. మొన్న వాటిని wstETHగా మారిస్తే 8.33 మాత్రమే వచ్చాయి. మిగతావి ఏమయ్యాయి? ఇంకో సంగతి. ఈ టోకెన్లు తాకట్టు పెట్టి ఈథర్ అప్పు తీసుకుని, దాన్ని మళ్లీ స్టేక్ చేసి, ఇలా తిప్పుతూ పోతే 3 శాతం కాస్తా 6 శాతం అవుతుందని నా ఫ్రెండ్ అంటున్నాడు. తాకట్టూ ఈథరే, అప్పూ ఈథరే కాబట్టి ధర ఎంత పడినా లిక్విడేషన్ అవ్వదట. నిజమేనా?

జవాబు: మీ ఈథర్ ఎక్కడికీ పోలేదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఆ 8.33ని 1.2తో గుణించి చూడండి, మీ 10 మీకు కనిపిస్తాయి. అయితే ఈ తికమక ఎందుకు వచ్చిందో తెలిస్తే రెండో ప్రశ్నకు జవాబు సగం దొరికినట్టే. అందుకే దాని దగ్గర కాసేపు ఆగుదాం.

అందరి తరఫున స్టేక్ చేసిపెట్టే లైడోలో మీరు ఈథర్ వేసినప్పుడు అది అందరి ఈథర్‌తో కలిసి ఒకే కుప్పలో పడుతుంది. ఆ కుప్పలోంచి 32 ఈథర్ చొప్పున తీసి ఆపరేటర్లు వ్యాలిడేటర్లు, అంటే నెట్‌వర్క్ లావాదేవీలను సరిచూసే కంప్యూటర్లు, నడుపుతారు. మీకు దక్కేది ఆ కుప్పలో వాటా, దానికి రసీదే stETH. ఫలానా 10 ఈథర్ మీ పేరు మీద ఎక్కడో విడిగా ఉండదు. కాంట్రాక్టు లోపల రాసి ఉండేది కూడా మీ వాటాల సంఖ్యే. తెర మీద కనిపించే stETH బ్యాలెన్స్‌ను అడిగినప్పుడల్లా అప్పటికప్పుడు ఇలా లెక్కగట్టి చూపిస్తారు:

```
balance = shares * totalPooledEther / totalShares
```

రోజుకోసారి ఒరాకిల్, అంటే బయటి లెక్కలు మోసుకొచ్చే ఏర్పాటు, వచ్చి, వ్యాలిడేటర్ల దగ్గర మొత్తం ఎంత ఉందో కాంట్రాక్టుకు చెబుతుంది. రివార్డులు వచ్చి ఉంటే కుప్ప పెరుగుతుంది, మీ బ్యాలెన్స్ కూడా ఆ మేరకు పెరుగుతుంది. ఆ రివార్డుల్లో 10 శాతం లైడో, ఆపరేటర్లు పంచుకుంటారు. wstETH అంటే మధ్యలో ఈ గుణకారం లేకుండా నేరుగా మీ వాటాల సంఖ్యే. అంటే మీ అసలు లెక్క మొదటినుంచీ 8.33 వాటాలే, ఒక్కోటి ఇప్పుడు 1.2 ఈథర్ చేస్తోంది. stETH అయితే సంఖ్య పెరుగుతుంది, wstETH అయితే రేటు పెరుగుతుంది. రాకెట్ పూల్ వాళ్ల rETHదీ ఈ రెండో పద్ధతే. అప్పులిచ్చే ప్లాట్‌ఫారాలకు బ్యాలెన్స్ దానంతటదే మారిపోయే టోకెన్‌తో తలనొప్పి, అందుకే అవి ఎక్కువగా wstETHనే తీసుకుంటాయి.

పై సూత్రంలో totalPooledEther పెరగడమే కాదు, తగ్గడమూ ఉంటుంది. వ్యాలిడేటర్ రెండు పరస్పర విరుద్ధమైన సంతకాలు చేస్తే నెట్‌వర్క్ దాని డిపాజిట్‌లో కోత వేస్తుంది. దీన్ని స్లాషింగ్ అంటారు. 2023 అక్టోబరులో లైడో కింద ఒక ఆపరేటర్ నడిపే 20 వ్యాలిడేటర్లకు ఇది జరిగింది. ఒక్కోదానికి ఒక ఈథర్ పైచిలుకు పోయింది. అంత పెద్ద కుప్పలో అది చెంబుడు నీళ్లు తీసినట్టే, పైగా ఆ ఆపరేటర్ నష్టాన్ని తిరిగి కట్టాడు. సొంతంగా ఒక్క వ్యాలిడేటర్ నడిపేవాడికి ఇదే దెబ్బ మూడు శాతం అయ్యేది. ఈ విషయంలో కుప్పలో ఉండటమే మేలు. కాకపోతే ఎవరో చేసిన తప్పులో మీకూ పిసరంత భాగం ఉంటుంది. నన్నడిగితే మీకు నిజంగా ముప్పు స్లాషింగ్ వైపు నుంచి కాదు.

ముప్పంతా టోకెన్‌కు రెండు ధరలు ఉండటంలో ఉంది. ఒకటి కాంట్రాక్టు చెప్పే ధర: ఒక stETHకు ఒక ఈథర్. క్యూలో నిలబడి వెనక్కి తీసుకునేవాడికి వచ్చేది ఇది. రెండోది బజారు ధర: ఇప్పుడే, ఈ నిమిషంలోనే ఈథర్ కావాలంటే కొనేవాడు ఇచ్చేది. మామూలు రోజుల్లో ఈ రెంటి మధ్య తేడా వెంట్రుకవాసి. అందుకే మీ ఫ్రెండ్‌కు రెండూ ఒకటిలా కనిపిస్తున్నాయి.

2022 జూన్‌లో అవి విడిపోయాయి. అప్పటికి ఎథీరియంలో స్టేక్ చేసిన ఈథర్‌ను వెనక్కి తీసుకునే దారే లేదు. ఆ తలుపు 2023 ఏప్రిల్ 12న తెరుచుకుంది. అంతవరకు stETH వదిలించుకోవాలంటే అమ్ముకోవడం ఒక్కటే మార్గం. మే నెలలో టెర్రా అనే పెద్ద క్రిప్టో ప్రాజెక్టు కుప్పకూలింది. జూన్ 12న క్రిప్టో డిపాజిట్లు తీసుకునే సెల్సియస్ సంస్థ ఖాతాదారుల విత్‌డ్రాయల్స్ ఆపేసింది. దాని దగ్గర stETH పెద్ద మొత్తంలో ఉందని అందరికీ తెలుసు. అవసరం పడి అమ్మేవాళ్లు, భయపడి అమ్మేవాళ్లు ఒకేసారి వచ్చిపడేసరికి ధర 0.94 ఈథర్ దరిదాపులకు దిగింది. కుప్పలోంచి ఒక్క ఈథర్ కూడా పోలేదు. రివార్డులు ఏ రోజుకారోజు పడుతూనే ఉన్నాయి. అమ్మకుండా కూర్చున్నవాళ్లకు తర్వాతి ఏడాది పూర్తిగా వచ్చింది. అప్పు మీద కూర్చున్నవాళ్లకు మాత్రం ఆ ఏడాది ఆగే వీలు లేకపోయింది.

'ఇప్పుడు తలుపు తెరిచే ఉందిగా' అంటారేమో. ఉంది, కానీ ఇరుకైన తలుపు. ఒక ఎపాక్‌కు, అంటే 6.4 నిమిషాలకు, నెట్‌వర్క్ మొత్తం మీద 256 ఈథర్‌కే బయటికి వెళ్లే వీలు. రోజుకు 225 ఎపాక్‌లు, కాబట్టి రోజుకు 57,600 ఈథర్. 2025 సెప్టెంబరులో ఈ క్యూ 25 లక్షల ఈథర్ దాటింది. భాగించి చూడండి, 43 రోజులు. క్యూ దాటాక చేతికందడానికి ఇంకొన్ని రోజులు. లైడో దగ్గర కొత్తగా వచ్చే డిపాజిట్లతో చిన్న మొత్తాలు త్వరగా తేలిపోవచ్చు, కానీ రద్దీ రోజుల్లో దాన్ని నమ్ముకోవడానికి లేదు. ఇంకో మెలిక ఉంది: విత్‌డ్రాయల్ అడిగిన క్షణం నుంచి ఆ stETH మీద మీకు రివార్డులు రావు. ఈలోగా స్లాషింగ్ జరిగితే అందులో భాగం మాత్రం పడవచ్చు.

ఈ క్యూయే బజారు ధరను కాస్త పట్టి ఉంచుతుంది కూడా. stETH 0.99కి దిగిందనుకోండి. ఒకడు కొని, 45 రోజులు క్యూలో ఉండి 1 తీసుకుంటే ఏడాది లెక్కన 8 శాతం గిట్టుబాటు. చేతిలో ఈథర్ ఖాళీగా ఉన్నవాడికి అది మంచి బేరమే, అందుకని కొనేవాళ్లు వస్తారు. అంటే ఈ తరుగు ఒకరకంగా ఓపికకు వేసే ఖరీదు. క్యూ పెరిగేకొద్దీ తరుగూ పెరుగుతుంది. తొందర ఎవరిదో ఆ ఖరీదు కట్టేది వాడే.

ఇప్పుడు మీ ఫ్రెండ్ లెక్కకు వద్దాం. సులువుగా ఉండటానికి అన్నీ stETH విలువల్లోనే చెప్తాను. వడ్డీలు, పరిమితులు ప్లాట్‌ఫారాన్ని బట్టి మారతాయి, ఇక్కడివి ఉదాహరణకు పెట్టినవి. మీ 10 తాకట్టు పెట్టి అప్పు తీసుకుని, స్టేక్ చేసి, మళ్లీ తాకట్టు పెట్టి, అలా తిప్పితే చివరికి తాకట్టు 70, అప్పు 60 అయ్యాయి. స్టేకింగ్ మీద 3 శాతం వస్తుంది, అప్పు వడ్డీ 2.5 శాతం. 70 మీద రాబడి 2.1 ఈథర్, 60 మీద వడ్డీ 1.5. మిగిలేది 0.6. మీ 10 మీద చూస్తే నిజమే, 6 శాతం. మీ ఫ్రెండ్ లెక్కలో తప్పు లేదు.

కానీ ఏమీ చేయకుండా కూర్చున్నా మీకు 0.3 వస్తుంది. అంటే ఈ తిప్పుడంతా కలిపి తెచ్చేది ఏడాదికి ఇంకో 0.3 ఈథర్. అప్పు తెచ్చిన ప్రతి 10 ఈథర్ మీద మీకు మిగిలేది 0.05. ఆ అర శాతం తేడా కోసం పూర్తి 10 ఈథర్‌ను పందెంలో పెడుతున్నారు.

లిక్విడేషన్ హద్దు, అంటే తాకట్టు విలువలో అప్పు ఎంత శాతం దాటితే తాకట్టు పోతుందో అది, 90 శాతం అనుకుందాం. బజారు ధర 0.95కి దిగితే మీ 70 టోకెన్ల విలువ 66.5. అందులో 90 శాతం 59.85. అప్పు 60, పైన నడుస్తున్న వడ్డీ. హద్దు దాటేశారు. ఎవరో ఒక బాట్ వచ్చి మీ అప్పులో కొంత కట్టి, మీ తాకట్టును చౌకధరకు పట్టుకుపోతుంది. ఆ సమయంలో ఈథర్ ధర డాలర్లలో పడాల్సిన పనే లేదు, పెరుగుతూ ఉన్నా ఇది జరుగుతుంది. 'రెండు వైపులా ఈథరే' అన్న మాట డాలర్ ధర విషయంలో నిజం. ఇక్కడ లెక్కకు వచ్చేది ఈథర్‌కూ ఈథర్ రసీదుకూ మధ్య ఉన్న ధర. 2022 జూన్‌లో అది ఈ 0.95 కన్నా కిందికే వెళ్లింది.

ఈ ప్రమాదాన్ని కొన్ని ప్లాట్‌ఫారాలు ఒకరకంగా తప్పించాయి. అవి తాకట్టును బజారు ధరతో కాకుండా కాంట్రాక్టు రేటుతో లెక్కగడతాయి. అక్కడ తరుగు ఎంత పడినా మీ తాకట్టు విలువ కదలదు. మీ ఫ్రెండ్ చూసింది బహుశా అలాంటి చోటే అయ్యుంటుంది. అక్కడ దెబ్బ వడ్డీ రూపంలో వస్తుంది. అప్పు వడ్డీ స్థిరం కాదు. అప్పుకిచ్చే కుండలో ఉన్న ఈథర్‌లో ఎంత శాతం అప్పుగా పోయిందో చూసి కాంట్రాక్టే దాన్ని మారుస్తుంది. ఓ హద్దు దాటితే రేటు నిటారుగా ఎక్కేస్తుంది. 2025 జూలైలో ఇలాగే జరిగింది. అప్పుకిచ్చే కుండలోంచి పెద్ద పెద్ద మొత్తాల్లో ఈథర్ తీసేశారు. ఉన్న అప్పులు అలాగే ఉన్నాయి, కుండ చిన్నదైంది, వడ్డీ స్టేకింగ్ రాబడిని మించిపోయింది. మీ లెక్కలో వడ్డీ 5 శాతమైతే 2.1 వచ్చి 3 పోతుంది. ఏడాదికి 0.9 నష్టం, అంటే నెలకు 0.075. ఏడాది అదనపు లాభం నాలుగు నెలల్లో ఆవిరి.

'అప్పుడు విప్పేసి బయటికి వచ్చేస్తా' అనుకుంటాం. చిక్కంతా అక్కడే. టోకెన్లు తాకట్టులో ఉన్నాయి, అప్పు తీరిస్తేనే విడుదల. అప్పు తీర్చాలంటే ఈథర్ కావాలి, ఈథర్ ఆ టోకెన్లలోనే ఉంది. హద్దు దాటకుండా మీరు బయటికి లాగగలిగేది గట్టిగా చూస్తే మూడు టోకెన్లు. వాటిని క్యూలో పెట్టి, నెలన్నర ఆగి, వచ్చిన ఈథర్ కట్టి, మళ్లీ మూడు... 60 అప్పు ఎన్నేళ్లకు తీరుతుందో మీరే ఊహించండి. కాబట్టి పేరుకు క్యూ ఉన్నా ఇలా తిప్పినవాడికి అది దారి కాదు. ఒకే లావాదేవీలో ఫ్లాష్ లోన్ తీసుకుని, అప్పు తీర్చి, టోకెన్లు విడిపించి, బజారులో అమ్మి, ఆ లోన్ కట్టేయాలి. ఆ రోజు బజారులో 1 శాతం తరుగు ఉందనుకోండి. 60 ఈథర్ రావాలంటే 60.6 టోకెన్లు అమ్మాలి. 0.6 పోయింది, రెండేళ్ల అదనపు లాభం. వడ్డీ పెరిగిన రోజున మీలాగే తిప్పినవాళ్లందరూ అదే తలుపు దగ్గరికి వస్తారు కాబట్టి తరుగు పడేదీ సరిగ్గా ఆ రోజే. 2025 జూలైలో వడ్డీ పెరగడం, క్యూ పెరగడం, stETH కాస్త దిగడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. తరుగు ఒక శాతం లోపే ఉంది. కానీ ఏడింతలు తిప్పినవాడికి ఒక శాతం అంటే ఆరు శాతం.

నేనూ ఒకప్పుడు చిన్న మొత్తంతో ఇలా తిప్పాను, సిగ్గుపడకుండా ఒప్పుకుంటాను. నష్టమేమీ రాలేదు. కానీ లిక్విడేషన్‌కు ఎంత దూరంలో ఉన్నానో చెప్పే ఆ హెల్త్ ఫ్యాక్టర్ అంకెను అర్ధరాత్రి లేచి ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు. విప్పేసే రోజు ఫీజులూ తరుగూ పోను చేతిలో మిగిలింది చూశాక మళ్లీ ఆ జోలికి పోలేదు.

రసీదు టోకెన్‌తో వచ్చే ఇంకో ముప్పు ఉంది. రసీదులు ముద్రించే అధికారం ఎవరి చేతిలో ఉంది అన్నది. 2022 డిసెంబరులో ఆంకర్ వాళ్ల aBNBc టోకెన్‌కు ఏం జరిగిందో చూడండి. BNB స్టేక్ చేసినందుకు ఇచ్చే రసీదు అది. కాంట్రాక్టును మార్చే తాళంచెవి ఒకటి దొంగచేతికి చిక్కింది. దానితో లెక్కలేనన్ని టోకెన్లు ముద్రించి బజారులో కుమ్మరించాడు. ధర దాదాపు సున్నాకు పడింది. స్టేక్ చేసిన BNB మాత్రం వ్యాలిడేటర్ల దగ్గర భద్రంగానే ఉంది. తర్వాత జరిగింది ఇంకా విడ్డూరం. హీలియో అనే అప్పుల ప్లాట్‌ఫారం కొంతసేపు పాత ధరనే పట్టుకుని కూర్చుంది. ఇంకెవరో చిల్లరకు దొరికిన aBNBc కొని, అక్కడ పూర్తి ధరకు తాకట్టు పెట్టి, కోటి డాలర్ల పైచిలుకు అప్పు తీసుకుని మాయమయ్యాడు. పైన చెప్పిన 'బజారు ధరను చూడని ప్లాట్‌ఫారం' అనే రక్షణకు ఇది రెండో ముఖం. తాకట్టు పెట్టినవాడిని కాపాడేది అప్పిచ్చినవాడిని ముంచవచ్చు. మీరు తిప్పకపోయినా, మీ ఈథర్‌ను అలాంటి చోట ఊరికే డిపాజిట్ చేసి ఉంటే ఆ అప్పిచ్చినవాడు మీరే.

ఒకవేళ మీ ఫ్రెండ్ చూపించేది stETH కాకుండా, దాని పైన ఇంకో అంతస్తు కట్టిన రీస్టేకింగ్ టోకెన్ అయితే ఇంకా జాగ్రత్త. 2024 ఏప్రిల్‌లో ezETH అనే అలాంటి టోకెన్ ధర కొద్దిసేపట్లోనే ఘోరంగా పడింది. అప్పటికి దానికి విత్‌డ్రాయల్ దారి ఇంకా తెరవలేదు, అంటే అది 2022 నాటి stETH స్థితిలోనే ఉంది. ఆ పడిన కాసేపట్లోనే తిప్పినవాళ్లలో చాలామంది లిక్విడేట్ అయ్యారు. తర్వాత ధర లేచినా వాళ్లకు ఒరిగిందేమీ లేదు.

నేనైతే ఆ 8.33 wstETH అలాగే ఉంచుతాను. ఫ్రెండ్ మాట బొత్తిగా కొట్టేయలేకపోతే, 10 మీద 10 మాత్రమే అప్పు తీసుకునేలా ఆపండి. తాకట్టు 20, అప్పు 10. 90 శాతం హద్దు ఉన్నా టోకెన్ 0.56కి దిగితే గానీ లిక్విడేషన్ రాదు. వడ్డీ పెరిగితే టోకెన్లలో చాలా భాగం విడిపించి నిదానంగా క్యూలో పెట్టే వీలుంటుంది. లాభం మాత్రం 3 శాతం కాస్తా 3.5 అవుతుంది, అంతే. ఆ 0.05 ఈథర్ కోసం ఇంకో కాంట్రాక్టును నమ్మాలా అన్నది మీ ఇష్టం.

ఏం చేసినా ముందు ఓ చిన్న పని చేయండి. ఏదైనా స్వాప్ పేజీ తెరిచి, మీరు చివరికి అమ్మాల్సి వచ్చే మొత్తాన్ని, 10 కాదు, ఆ 60ని టైప్ చేసి, ఎంత ఈథర్ ఇస్తానంటుందో చూడండి. పక్కనే ఎథీరియం ఎగ్జిట్ క్యూ ఇవాళ ఎన్ని రోజులుందో, ఆ ప్లాట్‌ఫారంలో ఈథర్ ఎంత శాతం అప్పుగా పోయిందో కూడా చూసి రాసుకోండి. stETH తాకట్టుకు వాళ్లు ఏ ధర వాడుతున్నారో వాళ్ల డాక్యుమెంట్లలో ఒరాకిల్ అన్న చోట ఉంటుంది. ఈ నాలుగూ మీ ఫ్రెండ్‌ను అడగండి. వాటికి అతని దగ్గర జవాబు లేకపోతే, అతను చెప్పిన 6 శాతం ఎక్కడినుంచి వస్తోందో అతనికీ తెలియదన్నమాట.